‘ఆ బాధ నాకూ తెలుసు’ అని దరఖాస్తులో రాయవచ్చా?

క్లినికల్ సైకాలజీ కోర్సుకు దరఖాస్తు చేసే విద్యార్థుల వ్యాసాల మొదటి చిత్తుప్రతుల్లో ఇలాంటి వాక్యం తరచూ ఎదురవుతుంది: ‘డిగ్రీ చదివే రోజుల్లో నేను తీవ్రమైన కుంగుబాటుకు గురయ్యాను. అందులోంచి బయటపడ్డాక, నాలాంటి వారికి సాయపడాలని ఈ రంగాన్ని ఎంచుకున్నాను.’ ఆ వాక్యంలో అబద్ధమేమీ లేదు. రాసిన వ్యక్తి మనసులో ఉన్నది అదే. అయినా ప్రవేశ కమిటీ ముందుకు వెళ్లేసరికి ఆ వాక్యం దరఖాస్తుదారుకు మేలు చేయడం కన్నా కీడు చేసే అవకాశమే ఎక్కువ.

ఎందుకలా? మనసు బాధలకు వైద్యం చేసే వృత్తిలోకి, ఆ బాధ తెలిసినవారే రాకూడదా? రావచ్చు, వస్తున్నారు కూడా. ఇక్కడ తేల్చుకోవలసిన సంగతి ఆ అనుభవాన్ని ఎక్కడ చెప్పాలి, ఎంత చెప్పాలి, ఏ రూపంలో చెప్పాలి అన్నది. ఈ నిర్ణయంలో రెండు విషయాలు పణంగా ఉన్నాయి. ఒకటి, కోర్సులో సీటు. రెండోది, ఒకసారి బయటికి ఇస్తే మళ్లీ వెనక్కి తీసుకోలేని సొంత ఆరోగ్య చరిత్ర.

ఈ రంగంలో ఇది అరుదైన సంగతి కాదు

ముందుగా ఒక అపోహ తొలగించుకుందాం. అమెరికా, కెనడాల్లో క్లినికల్, కౌన్సెలింగ్, స్కూల్ సైకాలజీ విభాగాల్లోని అధ్యాపకులు, శిక్షణార్థులు సుమారు 1,700 మందిని ప్రశ్నించిన ఒక సర్వే ఫలితాలు 2022లో వెలువడ్డాయి. జీవితంలో ఏదో ఒక దశలో మానసిక ఆరోగ్య ఇబ్బంది ఎదుర్కొన్నామని వారిలో 80 శాతానికి పైగా చెప్పారు. వైద్యులు నిర్ధారించిన మానసిక రుగ్మత తమకు ఉందని, లేదా ఒకప్పుడు ఉండేదని దాదాపు సగం మంది చెప్పారు. బ్రిటన్‌లో 348 మంది శిక్షణార్థి క్లినికల్ సైకాలజిస్టులతో జరిపి 2018లో ప్రచురించిన మరో సర్వేలో, అలాంటి అనుభవం ఉందన్నవారు మూడింట రెండు వంతులు.

ఇలాంటి సర్వేలకు జవాబివ్వడానికి ముందుకు వచ్చేవారిలో అనుభవం ఉన్నవారే కొంత ఎక్కువగా ఉండవచ్చు. కాబట్టి ఈ శాతాలను యథాతథంగా మొత్తం వృత్తికి అన్వయించలేం. కానీ ఒక్కటి మాత్రం స్పష్టం: మీ దరఖాస్తు చదివే బల్లకు అవతలివైపు కూర్చున్నవారిలోనూ ఆ బాధ తెలిసినవారు ఉండే అవకాశం బాగానే ఉంది. అందువల్ల కమిటీ సంకోచానికి కారణం ఆ జబ్బు వారికి తెలియకపోవడం కాదు. కారణం వేరే చోట ఉంది.

కమిటీ వెతికేది ఏమిటి?

2006లో అమెరికాలో ఒక ఆసక్తికరమైన అధ్యయనం ప్రచురితమైంది. సైకాలజీ పీజీ, పీహెచ్‌డీ కోర్సుల ప్రవేశ కమిటీలకు అధ్యక్షత వహించే 88 మందిని డ్రూ ఆపిల్‌బీ, కరెన్ ఆపిల్‌బీ ఒక ప్రశ్న అడిగారు. మిగతా అర్హతలన్నీ బాగున్నా, ఒక అభ్యర్థిని తిరస్కరించేలా చేసిన అంశాలేమిటన్నది ఆ ప్రశ్న. వచ్చిన జవాబుల్లో బలహీనమైన సిఫారసు లేఖలు, కోర్సు గురించి ఏమీ తెలుసుకోకుండా దరఖాస్తు చేయడం, రాతలో తప్పులు వంటివి ఉన్నాయి. వాటితోపాటు, వ్యక్తిగత వ్యాసంలో సొంత మానసిక ఆరోగ్య సమస్యలను అనుచితంగా వెల్లడించడం కూడా ప్రధానంగా కనిపించింది.

దీనిలో కొంత పాత్ర చిన్నచూపుదే. మానసిక వైద్యం చేసేవారిలోనూ మానసిక రుగ్మత పట్ల చిన్నచూపు ఉండవచ్చు. దాన్ని కప్పిపుచ్చవలసిన పని లేదు. కానీ చిన్నచూపు ఏమాత్రం లేని కమిటీ సభ్యుడికి కూడా ఆ వాక్యం దగ్గర ఒక సందేహం వస్తుంది. అది అర్థం కావాలంటే, ఎంపికైన విద్యార్థి మొదటి కొన్ని నెలల్లో ఏం చేస్తాడో చూడాలి.

మన దేశంలో ఇన్నేళ్లూ ఈ వృత్తికి ప్రధాన ద్వారం రెండేళ్ల పూర్తికాలపు ఎం.ఫిల్. భారత పునరావాస మండలి గుర్తింపు ఉన్న ఆ శిక్షణ ప్రధానంగా ఆస్పత్రిలోనే సాగుతుంది. ఎం.ఫిల్‌ను ఆపివేయాలన్న యూజీసీ నిర్ణయం తర్వాత, ఈ సబ్జెక్టుకు మాత్రం 2025-26 విద్యా సంవత్సరం వరకు ప్రవేశాలను అనుమతించారు. ఆపై ఏ డిగ్రీకి దరఖాస్తు చేయాలన్నది మండలి ప్రకటనల్లోనే చూసుకోవాలి. డిగ్రీ పేరు ఏదైనా శిక్షణ స్వరూపం ఒకటే. విద్యార్థి అవుట్‌పేషెంట్ విభాగంలో కూర్చుని రోగి, కుటుంబ సభ్యులతో మాట్లాడి కేసు చరిత్ర రాయాలి. మానసిక స్థితి పరీక్ష చేయాలి. మనోవైజ్ఞానిక పరీక్షలు జరిపి నివేదిక ఇవ్వాలి. పర్యవేక్షకుల కనుసన్నల్లో చికిత్స మొదలుపెట్టాలి. ఆత్మహత్యకు ప్రయత్నించి బయటపడిన వ్యక్తి ఎదురుగా కూర్చునే రోజు మొదటి సంవత్సరంలోనే రావచ్చు.

ఆ గదిలో సొంత అనుభవం రెండు వైపులా పదునున్న కత్తి. ఉదాహరణకు, మందులతో కుంగుబాటు తగ్గిన ఒక శిక్షణార్థి దగ్గరికి, మందులు వేసుకోవడానికి ఇష్టపడని రోగి వచ్చాడనుకుందాం. ‘వేసుకుంటే తగ్గుతుంది, నాకు తెలుసు’ అనే తొందర ఆ శిక్షణార్థి గొంతులోకి తెలియకుండానే వస్తుంది. రోగి ఎందుకు వద్దంటున్నాడో వినడం ఆగిపోతుంది. మందుతో నిద్రమత్తు వచ్చి ఆటో నడపలేకపోవడం అతని అసలు భయం కావచ్చు. ఎదుటివారి కథలో మన కథను చూసుకోవడం వల్ల వచ్చే ఈ చిక్కును చికిత్సకులు చాలాకాలంగా గుర్తించారు. రోగి మాటలు, ప్రవర్తన చికిత్సకుడిలో రేపే సొంత భావోద్వేగాలను ‘కౌంటర్ ట్రాన్స్‌ఫరెన్స్’ అంటారు. అది ఉండటం తప్పు కాదు. దాన్ని గమనించుకోలేకపోవడమే ప్రమాదం.

కాబట్టి దరఖాస్తులో సొంత కథ చదివిన కమిటీ సభ్యుడి మనసులో మెదిలే ప్రశ్న ‘ఈ అమ్మాయికి జబ్బు ఉందా?’ అన్నది కాదు. ‘తన కథను పక్కన పెట్టి ఎదుటివారి కథ వినగలదా?’ అన్నది. దీనికి తోడు మరో ప్రశ్న ఉంటుంది: ‘ఏ విషయం ఎవరితో ఎంతవరకు చెప్పాలో ఈమెకు తెలుసా?’ ముక్కూమొహం తెలియని కమిటీకి మొదటి పేజీలోనే అంతరంగమంతా విప్పిన వ్యాసం ఈ రెండో ప్రశ్నకు ప్రతికూలమైన జవాబిస్తుంది. రోగి దగ్గర ఏది చెప్పాలి, ఏది చెప్పకూడదు అన్న విచక్షణ ఈ వృత్తిలో ఒక నైపుణ్యం. ఆ నైపుణ్యానికి దరఖాస్తే మొదటి నమూనా.

రాయాలా, వద్దా: మూడు జల్లెడలు

ఒక అనుభవాన్ని వ్యాసంలో చేర్చే ముందు దాన్ని మూడు ప్రశ్నలతో జల్లెడ పట్టవచ్చు.

మొదటిది: ఇది తీసేస్తే దరఖాస్తులో ఏదైనా అర్థం కాకుండా పోతుందా? మీరు చేసిన పరిశోధన, పని, ఎంచుకున్న అంశం ఆ అనుభవం చెప్పకపోయినా పూర్తిగా అర్థమవుతుంటే, దాన్ని చెప్పవలసిన అవసరం లేదు. కుంగుబాటుపై పనిచేయాలనుకోవడానికి కుంగుబాటు వచ్చి ఉండాలన్న నియమం లేదు. కారణం అడిగేవారూ తక్కువే. జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 2015-16 ప్రకారం మన దేశంలో వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు, వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదు. ఈ రంగంలోకి రావడానికి ఈ వాస్తవమే చాలినంత కారణం.

రెండోది: ఇది మానిన గాయమా, ఇంకా పచ్చిగా ఉన్నదా? దీన్ని తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఆ సంఘటనను అంతగా పరిచయం లేని ఒక అధ్యాపకుడికి రెండు నిమిషాల్లో, గొంతు మారకుండా చెప్పి, వెంటనే మరో విషయంలోకి వెళ్లగలరా? ఆ తర్వాత వచ్చే ప్రశ్నకు కోపం గానీ కన్నీళ్లు గానీ లేకుండా జవాబివ్వగలరా? లేకపోతే ఆ విషయం ఇంకా మీ చికిత్స గదిలోనే ఉండాలి. వ్యాసంలో ఉన్న ప్రతి వాక్యంపైనా ఇంటర్వ్యూలో ప్రశ్న అడిగే హక్కును మీరే కమిటీకి ఇస్తున్నారు.

మూడోది: ఈ కథ పూర్తిగా మీదేనా? ‘మా అమ్మకు స్కిజోఫ్రెనియా’ అని రాసినప్పుడు బయటపడేది అమ్మ ఆరోగ్య చరిత్ర. మన సమాజంలో ఆ ఒక్క మాట చెల్లెలి పెళ్లి సంబంధం దాకా వెళుతుంది. సైకాలజీ విభాగాల ప్రపంచం చిన్నది. కమిటీలోని ఒకరు మీ బంధువుకు చికిత్స చేసినవారే కావచ్చు. అమ్మ అనుమతి అడిగారా? అడగలేదంటే ఆ వాక్యం మీరు రాయవలసింది కాదు. మరొకరి ఆరోగ్య సమాచారాన్ని వారి అంగీకారం లేకుండా పంచుకోకూడదన్నది రేపు మీరు పాటించబోయే మొదటి నియమం.

ఇక్కడ చట్టం గురించి ఒక మాట. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 రోగి సమాచారానికి గోప్యత హక్కు కల్పిస్తుంది. కానీ 23వ సెక్షన్ కింద ఆ బాధ్యత పడేది చికిత్స చేసే ఆరోగ్య నిపుణుల మీద. మీ అంతట మీరు వ్యాసంలో రాసి పంపిన సంగతి కమిటీ సభ్యుల దగ్గరికి, ఆఫీసు ఫైలులోకి, కంప్యూటర్‌లోకి వెళుతుంది. డాక్టరు దగ్గర చెప్పిన మాటకున్న కాపలా దానికి ఉంటుందని అనుకోకూడదు.

ఒక దరఖాస్తును దగ్గరగా చూద్దాం

ఇది కల్పిత ఉదాహరణ. అభ్యర్థిని పేరు అనూష అనుకుందాం. డిగ్రీ రెండో ఏడాదిలో కుంగుబాటు వచ్చి రెండు పేపర్లు తప్పింది. సైకియాట్రిస్టు రాసిన మందులు తొమ్మిది నెలలు వాడింది, క్లినికల్ సైకాలజిస్టు దగ్గర పద్నాలుగు సెషన్లు తీసుకుంది. కోలుకుని డిగ్రీ పూర్తి చేసింది. తర్వాత ఎమ్మెస్సీ సైకాలజీలో హాస్టల్ విద్యార్థినుల నిద్ర, కుంగుబాటు లక్షణాల మధ్య సంబంధంపై ప్రాజెక్టు చేసింది. ఆమె వ్యాసం మొదటి చిత్తుప్రతి ఇలా మొదలైంది:

‘డిగ్రీలో ఉండగా నేను తీవ్రమైన కుంగుబాటుతో మంచానికే పరిమితమయ్యాను. చనిపోవాలన్న ఆలోచనలు వచ్చేవి. నా థెరపిస్టు నా ప్రాణం కాపాడారు. ఆ చీకటి తెలిసినదాన్ని కాబట్టి రోగుల బాధ నాకు మిగతావారికన్నా బాగా అర్థమవుతుంది. నన్ను కాపాడినట్టే నేనూ ఇతరులను కాపాడాలనుకుంటున్నాను.’

కమిటీ సభ్యుడి కళ్లతో దీన్ని చదవండి. మొదటి రెండు వాక్యాలు లక్షణాలు చెబుతున్నాయి. ఇప్పటి పరిస్థితి ఏమిటో చెప్పడం లేదు. మూడోది చికిత్సకురాలిని రక్షకురాలిగా చూపుతోంది. నాలుగోది అన్నింటికన్నా బలహీనమైన వాక్యం. తన కుంగుబాటు తెలిసినంత మాత్రాన, అప్పుల ఊబిలో ఉన్న యాభై ఏళ్ల రైతు కుంగుబాటు తెలిసినట్టు కాదు. బాధ తెలియడం వేరు, ఎదుటివారి బాధ ఎలా ఉందో అడిగి తెలుసుకోవడం వేరు. చివరి వాక్యం ‘కాపాడటం’ గురించి. శిక్షణలో మొదటి పాఠాలలో ఒకటి, చికిత్సకుడు ఎవరినీ కాపాడడని, కలిసి పనిచేస్తాడని. అన్నింటికీ మించి, అయిదు వాక్యాలు అయ్యాక కూడా అనూష ఏం చదివింది, ఏం చేసింది, ఈ కోర్సులోనే ఎందుకు చేరాలనుకుంటోంది అన్నది ఒక్కటీ తెలియలేదు.

ఆశ్చర్యమేమిటంటే, అనూష దగ్గర చెప్పవలసిన గట్టి విషయం ఒకటి ఉంది. అది ఆమెకు మామూలు సంగతిలా తోచి రాయలేదు. ప్రాజెక్టులో ఆమె వాడింది పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి. అందులో తొమ్మిది ప్రశ్నలు, ప్రతిదానికీ 0 నుంచి 3 వరకు అంకె. మొత్తం 0 నుంచి 27 దాకా రావచ్చు. తొమ్మిదో ప్రశ్న చనిపోతే బాగుండునన్న, లేదా తనను తాను గాయపరచుకోవాలన్న ఆలోచనల గురించి. పరిశోధన కోసం ఫారాలు నింపించుకునేవారు చాలామంది వాటిని సంచిలో వేసుకుని, నెల తర్వాత లెక్కలకు కూర్చున్నప్పుడే తొమ్మిదో ప్రశ్న చూస్తారు. అప్పటికి ఆలస్యం కావచ్చు. అనూష గైడుతో ముందే మాట్లాడి, ఫారాలకు కోడ్ నంబర్లు ఇచ్చి, పేర్ల జాబితా గైడు దగ్గర ఉంచింది. ప్రతి ఫారాన్నీ నింపిన రోజే తెరిచి, తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాకుండా మరో అంకె వేసినవారిని కాలేజీ కౌన్సెలరు అదే రోజు కలిసేలా ఏర్పాటు చేసింది. ఇలా జరగవచ్చని అంగీకార పత్రంలో ముందుగానే రాసింది.

ఈ జాగ్రత్త ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో మనకు తెలుసు. కమిటీకి తెలియనక్కరలేదు. మార్చిన పేరా ఇలా ఉంది:

‘ఎమ్మెస్సీ ప్రాజెక్టులో 120 మంది హాస్టల్ విద్యార్థినుల నిద్ర, కుంగుబాటు లక్షణాలను అధ్యయనం చేశాను. పీహెచ్‌క్యూ-9 తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాని జవాబిచ్చిన ఏడుగురిని అదే రోజు కౌన్సెలరు దగ్గరికి చేర్చాం. వారిలో ఇద్దరి మొత్తం స్కోరు పదికి లోపే ఉంది. మొత్తం స్కోరు తక్కువగా ఉన్నంత మాత్రాన ప్రమాదం లేదని చెప్పలేమని అప్పుడు తెలిసింది. స్కోరు వెనకున్న మనిషిని ఎలా అంచనా వేయాలో పర్యవేక్షణలో నేర్చుకోవాలన్నది ఈ కోర్సుకు దరఖాస్తు చేయడానికి ప్రధాన కారణం.’

రెండు పేరాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదానిలో కుంగుబాటు ఉంది, అనూష పని లేదు. రెండోదానిలో ఆమె కుంగుబాటు ప్రస్తావన లేదు, కానీ దాన్నుంచి ఆమె నేర్చుకున్నది మొత్తం ఉంది. ఆమె ఏదీ దాచి మోసం చేయలేదు. తన అనుభవాన్ని పనిగా మార్చి, ఆ పనిని చూపించింది.

తప్పిన రెండు పేపర్ల సంగతి?

మార్కుల జాబితాలో కనిపించే వెలితిని మాత్రం మౌనంగా వదిలేయకూడదు. కమిటీ దాన్ని ఎలాగూ చూస్తుంది. వివరణ లేకపోతే తనకు తోచింది ఊహించుకుంటుంది. దీనికి నాలుగు అంశాలు చాలు: ఏదో జరిగింది, దానికి తగిన పని చేశాను, అది సర్దుకుంది, ఇదిగో రుజువు. ఇంటర్వ్యూలో అడిగితే అనూష ఇలా చెప్పవచ్చు:

‘ఆ ఏడాది నాకు ఒక ఆరోగ్య సమస్య వచ్చింది మేడమ్. చికిత్స తీసుకున్నాను, తగ్గింది. ఆ రెండు పేపర్లూ మరుసటి ఏడాది రాసి పాసయ్యాను. ఆ తర్వాత డిగ్రీలోనూ ఎమ్మెస్సీలోనూ ఏ సెమిస్టరూ తప్పలేదు.’

ఇక్కడ రుజువు అన్నది ముఖ్యం. ‘ఇప్పుడు బాగున్నాను’ అన్న మాట కన్నా, వరసగా పాసైన సెమిస్టర్లు ఎక్కువ చెబుతాయి. ఇంకా లోతుగా ‘ఏం సమస్య?’ అని అడిగితే, ‘అది వ్యక్తిగతమైనది మేడమ్. ఇప్పుడు నా చదువుకు, పనికి దానివల్ల ఇబ్బంది లేదు’ అని మర్యాదగా ఆపవచ్చు. ఆ జవాబు కూడా ఒక పరీక్షే. ఒత్తిడిలోనూ హద్దు గీసుకోగలిగిన అభ్యర్థి, రేపు రోగి ‘మీకు పెళ్లయిందా? మీకెప్పుడైనా ఇలా అయిందా?’ అని అడిగినప్పుడు తడబడదని కమిటీకి అర్థమవుతుంది.

అయితే చెప్పకుండా ఉండటానికి, అబద్ధం చెప్పడానికి మధ్య గీత ఉంది. ‘టైఫాయిడ్ వచ్చింది’ అని కల్పించకూడదు. ప్రవేశం ఖరారయ్యాక నింపే వైద్య పత్రంలో సూటిగా ప్రశ్న ఉంటే, తప్పుడు ప్రకటన మీద సంతకం చేయకూడదు. అది తర్వాత బయటపడితే జబ్బు కన్నా ఆ సంతకమే పెద్ద సమస్య అవుతుంది. అలాంటి పత్రం ఎదురైనప్పుడు మీకు చికిత్స చేసిన వైద్యుడిని సంప్రదించి, అడిగినంతవరకే నిజం రాయడం మంచిది.

సిఫారసు లేఖల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. మీ కష్టకాలాన్ని దగ్గరగా చూసిన అధ్యాపకురాలు సదుద్దేశంతోనే ‘అంత కుంగుబాటునుంచి బయటపడిన ధైర్యవంతురాలు’ అని రాయవచ్చు. మీరు వ్యాసంలో జాగ్రత్తగా పక్కన పెట్టిన సంగతి ఆ ఒక్క పొగడ్తతో కమిటీ ముందుంటుంది. లేఖ అడిగేటప్పుడే, ‘మేడమ్, నా ఆరోగ్య విషయం ప్రస్తావించకుండా, ప్రాజెక్టు పని గురించి రాయగలరా?’ అని అడగడంలో తప్పు లేదు. ముందుగా అడిగితే ఎవరూ నొచ్చుకోరు.

ఎప్పుడు చెప్పడం సరైనది?

ఎప్పుడూ చెప్పకూడదన్నది ఈ వ్యాసం సారాంశం కాదు. కనీసం మూడు సందర్భాల్లో లెక్క మారుతుంది.

మొదటిది, సంస్థే స్వయంగా అడిగినప్పుడు. బ్రిటన్‌లో క్లినికల్ సైకాలజీ డాక్టరేట్ కోర్సుల్లో కొన్ని, మానసిక సమస్యలను స్వయంగా అనుభవించినవారిని ఆహ్వానిస్తున్నామని తమ ప్రకటనల్లో రాస్తాయి. అక్కడ కూడా వారు కోరేది కథ మొత్తం కాదు. ఆ అనుభవం మీ పనిని ఎలా మార్చిందన్న ఆలోచన. అమెరికాలో దరఖాస్తు చేసేవారు అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నైతిక నియమావళిలోని 7.04 నిబంధనను తెలుసుకోవాలి. విద్యార్థుల మానసిక చికిత్స చరిత్ర వంటి వ్యక్తిగత వివరాలను వెల్లడించమని కోర్సు వారిని బలవంతపెట్టకూడదని అది చెబుతుంది. దీనికి రెండు మినహాయింపులున్నాయి: ఆ షరతును ప్రవేశ ప్రకటనలో ముందే స్పష్టంగా చెప్పి ఉండటం, లేదా విద్యార్థి సమస్య శిక్షణకు, ఇతరుల భద్రతకు అడ్డంకిగా మారిందని సహేతుకంగా అనిపించి, దాన్ని అంచనా వేయడానికి గానీ సాయం అందించడానికి గానీ ఆ వివరం అవసరం కావడం. కాబట్టి దరఖాస్తుకు ముందు ఆ కోర్సు ప్రవేశ ప్రకటనను ఆసాంతం చదవాలి.

రెండోది, మీకు సౌకర్యం అవసరమైనప్పుడు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 మానసిక రుగ్మతను వైకల్యాల జాబితాలో చేర్చింది. 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ధ్రువీకరణ ఉన్నవారికి ప్రభుత్వ, ప్రభుత్వ సహాయక ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలి. ఈ హక్కు ఉపయోగించుకునేవారు ధ్రువపత్రం జతచేయవలసిందే. కానీ దానికి వేరే తలుపు ఉంది: దరఖాస్తులో ఆ కోటా కోసం ఉన్న గడి, దానికి జతచేసే పత్రం. ఆ పని కోసం వ్యాసాన్ని వాడనక్కరలేదు.

మూడోది, ఎంపిక పూర్తయ్యాక. శిక్షణలో ఒక కేసు మీ పాత గాయాన్ని తాకినప్పుడు, పర్యవేక్షకులకు కొంతైనా చెప్పవలసి రావచ్చు. ‘ఈ కేసులో నేను మామూలు కన్నా ఎక్కువగా కదిలిపోతున్నాను, నిన్న నిద్ర పట్టలేదు’ అన్న వాక్యం చాలు. మీ చరిత్ర మొత్తం అవసరం లేదు. ఇక్కడ చెప్పకపోవడమే ప్రమాదం, ఎందుకంటే ఎదురుగా రోగి ఉన్నాడు.

ఈ వృత్తిలో బహిరంగంగా చెప్పిన ప్రముఖులూ ఉన్నారు. బైపోలార్ రుగ్మతపై పరిశోధించిన క్లినికల్ సైకాలజిస్టు కే రెడ్‌ఫీల్డ్ జామిసన్, తనకే ఆ రుగ్మత ఉందని 1995లో పుస్తకం రాసి వెల్లడించారు. డయలెక్టికల్ బిహేవియర్ థెరపీని రూపొందించిన మార్షా లీనెహాన్, టీనేజిలో తాను మానసిక ఆస్పత్రిలో గడిపిన రోజుల గురించి 2011లో బయటికి చెప్పారు. వీరి ధైర్యం ఎందరికో దారి చూపింది. కానీ గమనించవలసింది చెప్పిన సమయం. అప్పటికి ఇద్దరి పనీ ప్రపంచానికి తెలుసు. ఆ ఒక్క వాక్యంతో వారిని కొలిచే పరిస్థితి లేదు. దరఖాస్తుదారుకు ఇంకా ఆ రక్షణ లేదు. ఇది న్యాయమా అంటే కాదు. కానీ ఇవాళ ఉన్న పరిస్థితి ఇది.

ఈ ఏడాది ఆగాలని ఎలా తెలుస్తుంది?

చివరిగా ఒక కష్టమైన ప్రశ్న. కొన్నిసార్లు సరైన నిర్ణయం వ్యాసాన్ని మార్చడం కాదు, దరఖాస్తును ఒక ఏడాది వాయిదా వేయడం. కొన్ని సూచనలు ఉంటాయి. గత కొన్ని నెలల్లోనే మందు మారింది, మోతాదు ఇంకా కుదురుకోలేదు. ఇతరుల బాధ విన్న రోజు రాత్రంతా అదే మనసులో తిరుగుతుంది. చికిత్స మధ్యలో ఆపేసి, కోర్సులో చేరితే తనంతట తానే అర్థమవుతుందని అనిపిస్తుంది. ఈ మూడోది బలమైన హెచ్చరిక. క్లినికల్ సైకాలజీ కోర్సు ఇతరులకు చికిత్స నేర్పే చోటు, మన చికిత్స జరిగే చోటు కాదు. రెండేళ్ల ఆస్పత్రి శిక్షణలో నిద్ర తగ్గుతుంది, కేసుల బరువు పెరుగుతుంది, సొంత ఊరికి దూరంగా హాస్టల్లో ఉండవలసి వస్తుంది. ఇవన్నీ పాత జబ్బును తిరగబెట్టగలవు.

దీన్ని ఒంటరిగా తేల్చుకోనక్కరలేదు. మీకు చికిత్స చేసినవారినే సూటిగా అడగండి: ‘వచ్చే జూలైలో పూర్తికాలపు ఆస్పత్రి శిక్షణ మొదలుపెడితే నేను తట్టుకోగలనా? తిరగబెడితే మొదట కనిపించే గుర్తు ఏమిటి? అప్పుడు ఎవరికి ఫోన్ చేయాలి?’ ఈ మూడు ప్రశ్నలకూ కాగితం మీద జవాబులు ఉంటే, ఆ కాగితం మీ సొంత బీరువాలో ఉంచుకోండి. చేరబోయే ఊళ్లో మందులు రాసేందుకు, మాట్లాడేందుకు ఒక డాక్టరును ముందే చూసుకోండి. ఆ డాక్టరు మీ శిక్షణ విభాగానికి చెందినవారు కాకుండా ఉండేలా చూసుకోండి. లేకపోతే మిమ్మల్ని అంచనా వేసేవారే మీకు వైద్యం చేసేవారవుతారు.

అనూష విషయంలో, చికిత్స ముగిసి నాలుగేళ్లు దాటింది. ఆమె కాగితం మీద మూడు జవాబులూ ఉన్నాయి. మొదటి గుర్తు: తెల్లవారుజామున మూడింటికి మెలకువ రావడం, వరసగా అయిదు రోజులు. ఆ కాగితం దరఖాస్తు కవరులోకి వెళ్లలేదు. వెళ్లవలసిన అవసరమూ లేదు.